షెమా, 4వ పాఠం: పడుకునే వేళ, లేచే వేళ

షెమా అంటే దేవుడు ఒక్కడేనని యూదులు రోజుకు రెండుసార్లు చదివే వాక్యాలు. ఉదయం దాన్ని ఎప్పటిలోగా చదవాలని పోయినసారి ఇచ్చిన లెక్కకు చాలామంది ఒకే జవాబు రాశారు: గడువు 9 గంటలు. యూదు ధర్మాల పాత సంకలనమైన మిష్నాలో రబ్బీ యెహోషువ "మూడో గంట దాకా" అన్నారు కదా అని ఆరుకు మూడు కలిపేశారు. ఆ గంట గడియారం గంట కాదు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిలో పన్నెండో వంతు. మూడు గంటలంటే పగటిలో నాలుగో వంతు. కాబట్టి పగటిని నాలుగుతో భాగించి సూర్యోదయానికి కలిపేయండి, పని అయిపోతుంది.

చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం తీసుకుందాం. బెనే ఎఫ్రాయిమ్ యూదు సమాజం ఉన్న ఊరు అది. జూన్ చివర అక్కడ సుమారు 5:36కు పొద్దు పొడిచి 6:44కు కుంకుతుంది. పగలు 788 నిమిషాలు, అందులో నాలుగో వంతు 197. గడువు 8:53. తొమ్మిదింటికి మొదలుపెట్టినవారు తప్పిపోయినట్టే. డిసెంబరులో అదే గడువు 9:18 దాకా జరుగుతుంది. కొందరు పగటిని తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా లెక్కిస్తారు. అప్పుడు గడువు ఇంకా ముందుకొస్తుంది. సూర్యోదయమైన గంటలోపు ముగించడమే నాకు ఇష్టం, ఏ లెక్కకైనా సరిపోతుంది. ఆలస్యమైనవారు కూడా చదవాలి. అది తోరా చదివినట్టవుతుంది గానీ, వేళకు చేసిన ఆజ్ఞ కాదు.

ఇక అసలు చిక్కు. "నీవు పడుకొనునప్పుడును లేచునప్పుడును" అని ద్వితీయోపదేశకాండం 6:7 చెబుతుంది. రోజుకు రెండుసార్లు చదవడానికి ఆధారం ఇదే. దీన్ని చూసి రాత్రి షెమాను పక్కమీదికి వాయిదా వేయకండి. పూర్వపు యూదు గురువుల్లో షమ్మయి శిష్యులు దీన్ని భంగిమగా తీసుకున్నారు: రాత్రి ఒరిగి, ఉదయం నిలబడి చదవాలన్నారు. "దారిలో నడిచేటప్పుడు" అని కూడా అదే వచనంలో ఉంది కదా అని మరో గురువు హిల్లేలు శిష్యులు అడ్డుపడ్డారు. ఎలా ఉన్నవాడు అలాగే చదవచ్చు, ఆ మాట చెప్పేది జనం పడుకునే వేళ, లేచే వేళ అన్నారు. ఆచారంలో నిలిచింది ఇదే. నక్షత్రాలు కనిపించగానే రాత్రి వేళ మొదలవుతుంది. తెల్లవారుజాము దాకా చెల్లుతుంది గానీ, మనిషి కునుకు తీసి మరిచిపోకూడదని పెద్దలు అర్ధరాత్రిని హద్దుగా పెట్టారు. పక్కమీద చదివే షెమా వేరే ఆచారం. దానికోసం దీన్ని ఆపకండి.

వేళ ఇంత ముఖ్యం ఎందుకంటే, షెమా కేవలం సిద్ధాంతం చెప్పే వాక్యం కాదు. "యిస్రాయేలూ, విను: ప్రభువు మన దేవుడు, ప్రభువు ఒక్కడే" అనడం ఆయన రాజ్యపు కాడిని మెడకెత్తుకోవడం అంటారు రబ్బీలు. పగటి పని మొదలయ్యేముందు ఒకసారి, రాత్రి దిగాక ఒకసారి ఆ కాడిని కొత్తగా ఎత్తుకోవాలి. అందుకే మొదటి వచనం మనసు లేకుండా పలికితే చెల్లదు, మళ్లీ చదవాలి. అయితే లోగొంతుకతో. ఒకే వచనాన్ని గట్టిగా రెండుసార్లు పలికితే ఇద్దరు దేవుళ్లున్నట్టు వినిపిస్తుందని, మిష్నాపై చర్చల గ్రంథమైన తల్మూదు ఆపమంటుంది.

వచనం చివర "ఒక్కడే" అని చెప్పే హీబ్రూ మాట "ఎఖాద్" దగ్గర చివరి "ద్"ను కాస్త నిలపండి, "ఖా"ను హడావుడిగా పలకకండి. ఆ కాస్త సేపట్లో పైన, కింద, నాలుగు దిక్కులా ఆయనే రాజని తలచుకోవాలి.

సాధన: మీ ఊరి సూర్యోదయ, సూర్యాస్తమయాలతో వచ్చే ఏడు రోజుల గడువులు కట్టండి. ఏడు రోజులూ రెండు పూటలా మొదటి వచనాన్ని వేళకు చదివి, సమయం రాసుకోండి. ఒక్క పూట తప్పినా మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.