సరుకు దించుకునేటప్పుడు లెక్క తప్పకూడదంటే ఏం చేయాలి?

చలాన్ చేతిలో పట్టుకుని, వరుసవరుసకీ టిక్కు కొట్టుకుంటూ పోయి, కింద సంతకం పెట్టడం. చాలా చోట్ల సరుకు తీసుకోవడమంటే ఇంతే. తీరా బిల్లు వచ్చాక స్టాకుకీ దానికీ పొంతన కుదరదు. అప్పుడు సప్లయర్ ఆ సంతకాన్నే చూపిస్తాడు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పర్చేజ్ ఆర్డర్ కాపీ, పేజీ నంబర్లున్న రిజిస్టరు, తూకం యంత్రం, ఫోన్ కెమెరా, నీలి ఇంకు పెన్ను. నలుపు వద్దు, జిరాక్స్‌కీ అసలుకీ తేడా తెలియదు. దించిన సరుకు పాత స్టాకులో కలవకుండా విడిగా కొంత స్థలం గీతగీసి ఉంచండి. తనిఖీ పూర్తయ్యేదాకా అందులోంచి ఒక్కటి కూడా బయటికి పోకూడదు.

1. బండి దగ్గర

ఆర్డర్ నంబరు లేని సరుకును దించనివ్వకండి. పెట్టెలు లెక్కపెట్టండి. తడి, చిరుగు, వేరే రంగు టేపు కనిపిస్తే ఫొటో తీయండి. తేడా ఉంటే డ్రైవర్ వెళ్లకముందే చలాన్ రెండు కాపీల మీదా రాసి, అతని సంతకం తీసుకోండి. "తనిఖీకి లోబడి" అని ముద్ర కొట్టి ఊరుకునేవాళ్లున్నారు. ఎన్ని తగ్గాయో, ఏది పాడైందో అది చెప్పదు. అంకెలు రాయండి.

2. లెక్కింపు

అసలు పని చెడేది ఇక్కడే. లెక్కపెట్టే మనిషికి ఎన్ని రావాలో తెలియకూడదు. చలాన్ మీద 960 అని కనిపిస్తే, 950 దాటాక చెయ్యి దానంతటదే వేగం పెంచుతుంది, 960 దగ్గర ఆగుతుంది. అందుకే అతనికి వస్తువు పేరు, కోడు, యూనిట్ మాత్రమే ఉన్న కాగితం ఇవ్వండి, సంఖ్య గడి ఖాళీగా ఉంచండి. అతను రాశాకే రెండో మనిషి ఆర్డర్‌తో పోలుస్తాడు. తేడా వస్తే మళ్లీ లెక్కించాలి, ఈసారి వేరే మనిషి.

దీనికి టైం ఎక్కువ పడుతుందని గొణిగేవాళ్లు ఉంటారు. బిల్లు దగ్గర జరిగే ఉత్తరప్రత్యుత్తరాలతో పోలిస్తే ఇదేమంత పని? కంప్యూటర్‌లో వేస్తున్నాం కదా అనేవాళ్లకీ ఇదే జవాబు: ఆర్డర్ సంఖ్య ముందే నింపి చూపించే స్క్రీన్ కూడా టిక్కు కొట్టించేదే.

పెట్టెలన్నీ విప్పలేం, నిజమే. టేపు మారినవి, నలిగినవి, తడిసినవి తప్పకుండా విప్పాలి. మిగతావాటికి ఒక నిండు పెట్టెను విప్పి లెక్కించి, తూచి, ఆ బరువుతో అన్నింటినీ పోల్చండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక్కో ముక్క 10 గ్రాములుండి, యంత్రం 50 గ్రాముల మెట్లలో చూపిస్తుంటే నాలుగు ముక్కలు తగ్గినా బయటపడకపోవచ్చు. అలాంటప్పుడు తూకాన్ని నమ్మొద్దు, చేత్తో లెక్కించండి.

యూనిట్ కూడా చూసుకోండి. ఆర్డర్ ముక్కల్లో, చలాన్ పెట్టెల్లో ఉండటం మామూలే. పెట్టెకు ఎన్ని అన్నది సప్లయర్ మాట కాదు, మీరు విప్పి చూసిన సంఖ్య.

3. పోల్చడం, నమోదు

ఒక ఉదాహరణ చూద్దాం. ఆర్డర్ 960 ముక్కలు, పెట్టెకు 24 చొప్పున 40 పెట్టెలు. చలాన్‌లోనూ 40 అనే ఉంది. దిగినవి 39, వాటిలో ఒకటి తడిసింది, ఇంకొకదానికి టేపు మారింది. ఇవన్నీ చలాన్ మీద రాయించారు. లోపల చూస్తే టేపు మారినదాంట్లో 20 ఉన్నాయి. తడిసినదాంట్లో 24 ఉన్నా 6 పనికిరావు. మిగతా 37 పెట్టెలు సరిగ్గా ఉన్నాయి, అంటే 888.

సరుకు అందినట్టు మీరు రాసుకునే చీటీ, అంటే జీఆర్ఎన్‌లో నాలుగు గడులుండాలి: ఆర్డర్ 960, అందినవి 932, తిరస్కరించినవి 6, ఒప్పుకున్నవి 926. "34 తక్కువ" అని ఒకే ముక్కలో రాయడం నేను ఒప్పుకోను. అసలు రానివి 28, వచ్చి పాడైనవి 6. రెండింటి దారులు వేరు. రానివాటిలో 24 ఒక పెట్టెకు పెట్టె, కాబట్టి ట్రాన్స్‌పోర్ట్‌నీ అడగాలి. 4 పెట్టె లోపలివి, సప్లయర్‌తో తేల్చుకోవాలి. కానీ టేపు మారింది కాబట్టి దారిలో విప్పి ఉండొచ్చు, ఆ ఫొటో జతచేయండి. పాడైన 6 మాత్రం నిర్ణయం వచ్చేదాకా ఎర్ర చీటీతో విడిగా ఉండాలి. పారేస్తే సాక్ష్యం పోతుంది.

4. పంపడం, మూయడం

తేడాల చీటీ అదే రోజు సప్లయర్‌కీ, కొనుగోలు విభాగానికీ, అకౌంట్స్‌కీ వెళ్లాలి. 960కి బిల్లు వస్తే అకౌంట్స్ ఆర్డర్, జీఆర్ఎన్, బిల్లు మూడూ పక్కన పెట్టుకుని 926కే చెల్లిస్తుంది. బిల్లులోని మిగతా 34కి క్రెడిట్ నోట్ అడుగుతుంది. ఆ 34 మళ్లీ పంపుతారో లేదో కొనుగోలు విభాగం రాతపూర్వకంగా తేల్చాలి. పంపితే పాత ఆర్డర్ నంబరు మీదే, కొత్త జీఆర్ఎన్‌తో తీసుకోండి. పంపకపోతే ఆర్డర్‌ను 926 దగ్గర మూసేయండి.