ఎండలు ముదరకముందే షీటు చూసుకోండి: బీరువా తలుపుల మీద చారలు రాకుండా జాగ్రత్తలు

వేసవి ముహూర్తాలు మొదలైతే సారె బీరువాలకు గిరాకీ పెరుగుతుంది. అందుకని తిరుపతి, రేణిగుంట, చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాబ్రికేషన్ షెడ్లవాళ్ళు సంక్రాంతి దాటగానే కోల్డ్ రోల్డ్ షీటు బండిళ్ళు తెచ్చి నిలవ పెట్టుకుంటారు. ఫిబ్రవరిలో ఆ షీటుతో నొక్కిన తలుపులు అద్దంలా వస్తాయి. ఏప్రిల్ చివర్లో అదే బండిల్, అదే డై, అదే ప్రెస్, కానీ తలుపు మధ్యలో ఏటవాలుగా వంకరటింకర చారలు తేలతాయి. చేత్తో తడిమితే సరిగా తెలియవు. ట్యూబులైటు పక్కనుంచి పడేలా తలుపును పట్టుకుంటే కనిపిస్తాయి. మెరిసే పెయింటు పడ్డాక మాత్రం దూరం నుంచి కూడా స్పష్టంగా తెలుస్తాయి, అప్పటికి ఖర్చంతా అయిపోయి ఉంటుంది.

"అన్నా, డై అరిగిపోయినట్లుండాది" అని మేస్త్రి అనడం మామూలే. డై విప్పి పాలిష్ పట్టేముందు ఒకటి గమనించండి. డై మచ్చ అయితే ప్రతి తలుపు మీదా సరిగ్గా ఒకేచోట, ఒకే ఆకారంలో పడుతుంది. ఈ చారలు ఇంచుమించు అదే ప్రాంతంలో వచ్చినా తలుపు తలుపుకీ దారి మార్చుకుంటాయి. అలా మారుతున్నాయంటే తప్పు డైలో లేదు, షీటులో ఉంది. వీటిని లూడర్స్ చారలంటారు. 1842లో పియోబెర్ అనే ఫ్రెంచి ఫిరంగిదళ అధికారి, 1860లో లూడర్స్ వీటిని గుర్తించి రాశారు.

జాగ్రత్తలు అర్థం కావాలంటే ఉక్కు లోపల జరిగేది కొంచెం తెలియాలి. తక్కువ కార్బన్ ఉన్న ఉక్కులో కొన్ని కార్బన్ అణువులు ఇనుప అణువుల మధ్య సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. ఇనుప అణువుల వరసల్లో అక్కడక్కడా లోపాలుంటాయి, వాటిని డిస్‌లొకేషన్లు అంటారు. షీటు వంగినా సాగినా ఈ డిస్‌లొకేషన్లు కదలడం వల్లే. ఒక్కో డిస్‌లొకేషన్ పక్కన ఒకవైపు సందు కాస్త వదులుగా ఉంటుంది, కార్బన్ అణువు అక్కడికి చేరితే సుఖంగా సర్దుకుంటుంది. అలా చేరిన అణువులు ఆ డిస్‌లొకేషన్‌ను కదలనివ్వవు. ఈ వివరణను 1949లో కాట్రెల్, బిల్బీ అనే శాస్త్రవేత్తలు ఇచ్చారు. నైట్రోజన్ కూడా ఇదే పని చేస్తుంది.

అందుకే ఇలాంటి షీటు ముక్కను మిషన్ మీద లాగితే లోడు ఒకచోటి దాకా ఎక్కి, ఠక్కున కొంత పడిపోయి, ఆ కింది మట్టంలోనే కాసేపు నడుస్తుంది. పైది అప్పర్ ఈల్డ్ పాయింట్, కిందిది లోయర్ ఈల్డ్ పాయింట్. రథోత్సవం రోజు తేరు మొదట కదలడానికి ఎంతమంది పట్టాలో, కదిలాక నడవడానికి అంత అవసరం ఉండదు కదా, ఇదీ అంతే.

చారలు పుట్టేది ఆ కింది మట్టం నడిచేటప్పుడే. ముక్క అంతా ఒకేసారి సాగదు. ఒత్తిడి ఎక్కువున్న ఏదో ఒక అంచు దగ్గర మొదట ఒక పట్టీ లొంగుతుంది. లాగే దిశకు సుమారు 45 నుంచి 55 డిగ్రీల ఏటవాలులో ఉండే ఆ పట్టీలో లోహం ఒకటి రెండు శాతం సాగిపోయి ఉంటుంది. పట్టీ పక్కన లోహం ఇంకా సాగనే లేదు. ఆ రెంటి మధ్య మందంలో వచ్చే చిన్న తేడానే కంటికి చారగా కనిపించేది. పట్టీ అంచు జరుగుతూ జరుగుతూ ముక్కంతా పాకితే చారలు కలిసిపోయి మాయమవుతాయి. మధ్యలో ఆగిపోతే అలాగే మిగిలిపోతాయి.

బీరువా తలుపులో ఈ 'మధ్యలో ఆగిపోవడం' ఎక్కడ జరుగుతుందో చూడండి. అంచుల మడత దగ్గర లోహం చాలా ఎక్కువ సాగుతుంది, అక్కడ చార ఉండదు. డిజైన్ గీత పక్కన, చదునుగా కనబడే చోట ఒక శాతం లోపే సాగుతుంది, చారలు అక్కడే. దీన్ని చూసి చాలామంది ప్రెస్ లోడు తగ్గిస్తారు. అది పూర్తిగా తలకిందుల పని. లోడు తగ్గిస్తే సాగుడు ఇంకా తగ్గి, చారలు పడే ఇరుకు మేరలోనే షీటు ఉండిపోతుంది. డై మార్చే వీలుంటే అంచుల పట్టు బిగించి, ఆ చదును భాగం కూడా మూడు శాతం పైగా సాగేలా చూడాలి, లేదా అక్కడ అసలు సాగకుండా వదిలేయాలి. కొంచెంగా సాగనివ్వడమే ప్రమాదం.

మరి ఫిబ్రవరిలో బాగున్న షీటు ఏప్రిల్‌లో ఎందుకు పాడైంది? మిల్లులో చివరగా షీటును సుమారు ఒక శాతం పలచబడేలా రోలర్ల మధ్య నొక్కుతారు, దాన్ని స్కిన్ పాస్ అంటారు. దాంతో కార్బన్ పట్టు లేని కొత్త డిస్‌లొకేషన్లు లెక్కలేనన్ని పుడతాయి, ఆ రెండు మెట్ల లొంగుబాటు కనబడకుండా పోతుంది. కానీ కార్బన్ ఊరికే ఉండదు. రోజులు గడిచేకొద్దీ మెల్లగా పాకి ఆ కొత్తవాటి పక్కకూ చేరుతుంది. స్ట్రెయిన్ ఏజింగ్ అంటే ఇదే. షీటు పైకి తుప్పు లేకుండా, నూనె మెరుపుతో కొత్తగానే ఉంటుంది, లోపల మాత్రం ముదిరిపోయి ఉంటుంది.

ఇక్కడే మన ఎండల సంగతి వస్తుంది. ఉక్కులో కార్బన్ పాకే వేగాన్ని బట్టి లెక్క కడితే, ఈ వేడిమి మేరలో ప్రతి 10 డిగ్రీలకూ ఏజింగ్ దాదాపు మూడు రెట్లు అవుతుంది. 25 డిగ్రీలతో పోలిస్తే 35 దగ్గర సుమారు 3 రెట్లు, 45 దగ్గర 8 రెట్లు, 55 దగ్గర 20 రెట్లు. ఒక రేకుల షెడ్డు తీసుకుందాం. ఎండ ఉన్న 8 గంటలు బండిల్ 45 డిగ్రీల్లో, మిగతా 16 గంటలు 35లో ఉందనుకోండి. ఎనిమిదెనిమిదులు 64, పదహారు మూళ్ళు 48, మొత్తం 112ను 24తో భాగిస్తే నాలుగున్నర పైన. అంటే ఆ షెడ్డులో గడిచిన ఒక నెల, 25 డిగ్రీల గదిలో నాలుగున్నర నెలలతో సమానం. మిల్లువాళ్ళు ఇన్ని నెలల్లోపు వాడుకోండని చెప్పే గడువు మామూలు గది వేడిమిని దృష్టిలో పెట్టుకుని చెప్పేదని మరిచిపోవద్దు.

కాబట్టి మొదటి జాగ్రత్త కొనేటప్పుడే. డీలరు దగ్గరికి షీటు వచ్చిన తేదీ కాదు, మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ మీది తేదీ అడగండి. డీలరు గోడౌనులో ఒక వేసవి గడిపి వచ్చిన పాత స్టాకును తక్కువ రేటుకు ఇస్తామంటే తలుపుల కోసం తీసుకోవద్దు. వెనక రేకు, అరలు, పక్క పలకల కోసమైతే నిక్షేపంగా తీసుకోవచ్చు. వాటికి ఉండేది పదునైన మడతలే, మడతలో సాగుడు చాలా ఎక్కువ కనుక చారల గొడవ లేదు. ముందు తలుపులకు మాత్రం వీలైతే ఐ.ఎఫ్. గ్రేడు వాడండి. అందులో కార్బన్ అతి తక్కువ, ఉన్న కాస్త కార్బన్‌నూ నైట్రోజన్‌నూ టైటానియం లేదా నియోబియం కట్టిపడేస్తాయి. అందుకే ఎన్ని నెలలున్నా ముదరదు. రేటు ఎక్కువే, కానీ బీరువాకు రెండు తలుపులే కదా. అల్యూమినియం కలిపిన ఇ.డి.డి. గ్రేడులో నైట్రోజన్ బాధ చాలావరకు తీరుతుంది, అది మధ్యేమార్గం.

రెండోది నిలవ. రేకు కింద అటక మీద, పడమటి గోడకు ఆనించి, నల్ల టార్పాలిన్ కప్పి ఆరుబయట, ఈ మూడూ వద్దు. నేల మట్టానికి దగ్గరగా, చెక్కల మీద, గాలి ఆడే నీడలో పెట్టండి. బండిల్ మీద మిల్లు తేదీని సుద్దముక్కతో రాసి, ముందొచ్చింది ముందు వాడండి. కొత్త బండిల్ తెచ్చి పాతదాని మీద పెట్టేయడం వల్ల అడుగునున్నది ఏళ్ళు పడి ఉండే షెడ్లు బోలెడు.

మూడోది పరీక్ష, దీనికి డబ్బు ఖర్చు లేదు. నొక్కబోయే రోజు పొద్దున షీటు నుంచి అంగుళం వెడల్పు, అడుగు పొడవు పట్టీని రోలింగ్ దిశ పొడవునా కత్తిరించండి. బర్రు తీసేసి, రెండంగుళాల నీళ్ళ పైపు చుట్టూ రెండు చేతులతో నెమ్మదిగా వంచండి. తాజా షీటు పైపుకు అతుక్కుపోయినట్లు గుండ్రంగా వంగుతుంది. ముదిరిన షీటు చేతికి కాసేపు మొరాయించి, ఠప్పున ఒకచోట విరిగినట్లు లొంగి, మళ్ళీ మొరాయించి, మళ్ళీ ఇంకోచోట లొంగుతుంది. తీసి చూస్తే గుండ్రం బదులు చిన్న చిన్న పలకలుగా ఉంటుంది. 0.8 మిల్లీమీటర్ల షీటుకు ఆ పైపు మీద పైపొర సాగేది 1.3 శాతం, తలుపులో చారలు పడే మేరకు దగ్గరది. అందుకే ఈ పైపు పరీక్షను నమ్మవచ్చు. పెద్ద ఆర్డరుంటే ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో లాగించి చూడటం మంచిది. రిపోర్టులో ఒక్క ఈల్డ్ అంకె చాలదు, గ్రాఫు అడగండి. అప్పర్ పాయింట్ లాగే వేగాన్ని, ముక్క బిగించిన తీరును బట్టి మారుతుంది కనుక దాన్ని పట్టుకోవద్దు. లోయర్ పాయింట్ దగ్గర గీత అడ్డంగా ఎంత శాతం నడిచిందో చూడండి. అసలు నడవకపోతే షీటు బాగుంది, ఒక శాతం నడిచినా తలుపులకు పనికిరాదు.

పరీక్షలో షీటు ముదిరిందని తేలితే పారేయనక్కర్లేదు. వరసగా చిన్న రోలర్లున్న లెవెలర్‌లో నడిపిస్తే అటూ ఇటూ వంగి, పట్టు లేని డిస్‌లొకేషన్లు మళ్ళీ పుడతాయి. మూడు పెద్ద రోలర్ల మిషన్ ఇందుకు సరిపోదు, అదే పలకలు తేలుస్తుంది. అయితే లెవెలర్ ప్రభావం తాత్కాలికం. మే నెల షెడ్డులో ఒక పగలు గడిచినా ఏజింగ్ ఎంతో ముందుకు పోతుంది. పొద్దున లెవెలర్, ఆ రోజే ప్రెస్ అన్నట్లు పెట్టుకోండి. రేపటి పని ఇవాళే లెవెల్ చేసి పేర్చవద్దు.

ఓవెన్ విషయంలో వరస తప్పకూడదు. తాళం రంధ్రాలు, గాలి చీలికలు, అంచు మడతలు అన్నీ పౌడర్ కోటింగుకు ముందే అయిపోవాలి. 180 డిగ్రీల ఓవెన్‌లో పావుగంట అంటే పై లెక్క ప్రకారం 25 డిగ్రీల్లో రెండేళ్ళకు పైమాటే. ఆ తర్వాత అంచును సరిచేయబోతే గుండ్రంగా వంగదు, ఒకచోట విరిగినట్లు లొంగుతుంది. నొక్కడం మడవడం అంతా ముందే అయి ఉంటే మాత్రం ఓవెన్ ఏజింగ్ మేలే చేస్తుంది, తలుపు కాస్త గట్టిపడి సొట్టలు త్వరగా పడవు.

జూన్‌లో నాలుగు వానలు పడి షెడ్డు చల్లబడ్డాక మిగిలిన బండిళ్ళు మళ్ళీ బాగుపడవు. చల్లదనం ఏజింగును నెమ్మది చేస్తుందే గానీ వెనక్కి తిప్పదు. శ్రావణం ముహూర్తాల తలుపులు వాటితో నొక్కేముందు మళ్ళీ పైపు మీద ఒక పట్టీ వంచి చూడండి, పలకలు తేలితే ఆ బండిల్‌ను అరలకు, వెనక రేకులకు మళ్ళించండి.