నేల పొరల పటం ఎలా చదవాలి? చల్కా నేలతో ఒక ఉదాహరణ

సాయిల్ హెల్త్ కార్డులో ఉండేది సాధారణంగా పైన జానెడు మట్టి లెక్క. దాని కింద ఏముందో తెలియాలంటే నేల పొరల పటం చూడాలి. నేలల సర్వే నివేదికల్లో ఈ పటాలు ఉంటాయి. తెలంగాణలో ఎక్కువగా కనిపించే ఎర్ర చల్కా నేల పటం ఒకటి తీసుకుందాం. అందులో పొరలు ఇలా ఉన్నాయనుకోండి: 0–15 సెంటీమీటర్లు Ap, 15–45 Bt1, 45–80 Bt2, ఆ కింద Cr. ఆ భూమిలో బత్తాయి తోట వేయాలన్నది ఆలోచన.

మొదట లోతు చూడండి

పటం పక్కన నిలువుగా ఉండే అంకెలు సెంటీమీటర్లు. సున్నా అంటే నేల పైభాగం. ఒక్కో పటాన్ని ఒక్కో కొలతలో గీస్తారు కాబట్టి బొమ్మలో పొర ఎంత మందంగా కనిపిస్తోందో చూసి అంచనా వేయకండి, అంకెలే చదవండి.

తర్వాత అక్షరాలు

పెద్ద అక్షరం పొర రకాన్ని చెబుతుంది. A అంటే సేంద్రియ పదార్థం కలిసిన పై మట్టి. B దాని కింది పొర. C అంటే ఇంకా పూర్తిగా మట్టి కాని పదార్థం. R అంటే గట్టి రాయి. పక్కనున్న చిన్న అక్షరం మరింత ముఖ్యం. p అంటే దున్నిన పొర, t అంటే పైనుంచి దిగిన బంకమన్ను పేరుకున్న పొర, r అంటే మెత్తబడిన రాయి, అంటే మన మొరం. k కనిపిస్తే సున్నం చేరిందని, g కనిపిస్తే చాలాకాలం నీరు నిలిచిన నేల అని అర్థం.

మన పటంలో Bt ఒకటే రకం పొర. అందులోనే తేడాలున్నందుకు 1, 2 అని విడగొట్టారు.

ఇప్పుడు గీతల దగ్గర ఆగండి

వేర్లకూ నీటికీ ఇబ్బంది ఎక్కువగా మొదలయ్యేది రెండు పొరలు కలిసే చోటే. Ap ఇసుక పాలు ఎక్కువున్న మట్టి కాబట్టి వాన నీరు గబగబా దిగుతుంది. 15 సెంటీమీటర్ల దగ్గర బంకమన్ను ఎదురయ్యేసరికి నెమ్మదిస్తుంది. వాన గట్టిగా కురిస్తే ఆ గీత మీద నీరు కొంతసేపు నిలుస్తుంది, వాలు ఉంటే పక్కకు పారుతుంది.

Bt పొర చెడ్డదేమీ కాదు, తేమను దాచేది అదే. Apలో సెంటీమీటరుకు సుమారు 1 మిల్లీమీటరు నీరు నిలుస్తుందనుకుంటే 15 సెంటీమీటర్లకు 15 మిల్లీమీటర్లు. పంట రోజుకు 5 మిల్లీమీటర్లు తాగితే మూడు రోజుల్లో అయిపోతుంది. నిజానికి అందులో సగం తగ్గేసరికే మొక్కకు నీటి ఎద్దడి మొదలవుతుంది. వేర్లు Btలోకి దిగితే ఆ గడువు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అందుకే పటంలో వేర్ల గుర్తులు, లేదా వివరణలో వేర్ల సంగతి తప్పక చూడండి. 15 దగ్గర వేర్లు ఒక్కసారిగా తగ్గిపోయినా, పక్కకు తిరిగినా, అది నాగలి అడుగున గట్టిపడిన పొర కావచ్చు. మీ పొలంలో చిన్న గుంత తీసి చాకు గుచ్చి చూడండి. పలచని గట్టి పట్టీ దాటాక చాకు సులువుగా దిగితే అది దున్నకం వల్ల వచ్చినదే, నేల పొడిగా ఉన్నప్పుడు సబ్‌సాయిలర్‌తో పగలగొట్టొచ్చు. కిందిదాకా ఒకేలా గట్టిగా ఉంటే అది Bt, యంత్రంతో పోయేది కాదు.

రంగు చదవండి

5YR 4/6 లాంటి కోడ్‌లో చివరి అంకె రంగు ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. ఎర్రగా ఉన్న పొరలోకి మామూలుగా గాలి ఆడుతోందని అర్థం. చివరి అంకె 2 లేదా అంతకన్నా తక్కువై, బూడిద రంగులో తుప్పు మచ్చలు రాసి ఉంటే అక్కడ ఏటా కొంతకాలం నీరు నిలుస్తోంది. కానీ ఒక హెచ్చరిక: ఎర్ర నేలల్లో ఆ మచ్చలు స్పష్టంగా ఏర్పడకపోవచ్చు. రంగు ఒక్కటే చూసి భరోసా పెట్టుకోవద్దు.

బత్తాయికి దీని అర్థం

చాలామంది చేసే పని, రెండడుగుల గుంత తవ్వి వదులు మట్టి, పశువుల ఎరువు నింపడం. ఈ నేలలో ఆ గుంత గోడలూ అడుగూ Btలోనే ఉంటాయి. వాన నీరు కుండలో చేరినట్టు అందులో చేరుతుంది. బత్తాయి వేర్లు దాన్ని ఓర్చుకోలేవు, వేరుకుళ్లు, బంకకారు తెగులు వస్తాయి.

నాటే ముందు పరీక్షించండి. అడుగు లోతు గుంతలో నీరు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటలో ఎంత తగ్గిందో కొలవండి. 2.5 సెంటీమీటర్లకన్నా తక్కువ తగ్గితే ఎత్తు మట్టి కట్టల మీద నాటండి. నీరు బయటకు పోయేలా వాలు వెంట కాలువ తీయండి.

80 కింద ఉన్న Cr మాత్రం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. మొరం పగుళ్లుగా ఉంటే వేర్లు వాటిలోంచి దిగుతాయి. గడ్డపారకు లొంగకుండా ఉంటే మీ చెట్టుకు దక్కే లోతు 80 సెంటీమీటర్లే. పటంలో ఆ గీత ఎగుడుదిగుడుగా గీసి ఉంటే పొలంలో రెండు మూడు చోట్ల తవ్వి చూశాకే మొక్కలు నాటే చోట్లకు గుర్తులు పెట్టండి.