ఎర్రకళ్ళ ఫొటో బాగుచేస్తున్నారా? కంటిపాపకు నల్లరంగు మాత్రం పూయకండి

పోయిన నెల ఒక పెద్దకర్మకి వెళ్ళాను. దండ వేసిన ఫొటోలో పెద్దావిడ ముఖం చక్కగానే ఉంది. బొట్టు ఉంది, ముక్కుపుడక మెరుస్తోంది. కళ్ళు మాత్రం రెండు బొగ్గుముక్కలు అతికించినట్టున్నాయి. తొంభైల్లో తీసిన గ్రూప్ ఫొటోలోంచి ఆవిడ ముఖం ఒక్కటే విడదీసి పెద్దది చేయించారట. పాత ప్రింటులో కళ్ళు ఎర్రగా వచ్చాయని ఎవరో బ్రష్ తీసుకుని రెండు నల్లచుక్కలు పెట్టేశారు. పైగా అసలు స్కాన్ మీదే సేవ్ చేశారు. కొడుకు నన్ను పక్కకి పిలిచి "అమ్మలా లేదండీ, ఎక్కడ తేడా వచ్చిందో తెలియట్లేదు" అన్నాడు.

తేడా అంతా ఆ నల్లచుక్కల్లోనే ఉంది. పెళ్ళిళ్ళు, షష్టిపూర్తులు దగ్గర పడగానే అందరూ పాత ఆల్బమ్‌లు తీసి ఇదే పని హడావుడిగా చేస్తారు కాబట్టి ముందుగా చెబుతున్నాను.

ముందు ఎరుపు ఎక్కడిదో చూడండి

వెలుతురు తక్కువగా ఉన్న హాల్లో కంటిపాప పెద్దదవుతుంది. చిన్న కెమెరాల్లో ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది. దాని వెలుగు పాపలోంచి లోపలికి వెళ్ళి, రక్తనాళాలు నిండిన వెనక పొరని తాకి, వచ్చిన దారినే తిరిగి లెన్సులోకి వస్తుంది. అందుకే ఎరుపు. అదే ఫ్లాష్ కంటి ముందుభాగం మీద, నున్నటి పారదర్శక పొర మీద కూడా పడి చిన్న తెల్లచుక్కగా కనిపిస్తుంది. మనిషి చూపులో జీవం ఉన్నట్టు కనిపించేది ఆ చుక్క వల్లే. ఎరుపు లోపలినుంచి వచ్చింది, చుక్క పైనుంచి వచ్చింది. మనం తీయాల్సింది మొదటిది ఒక్కటే. నల్లరంగు పూస్తే రెండూ పోతాయి.

రంగు పూయడం కాదు, ఎరుపుని దించడం

ఫొటో అంతా పిక్సెళ్ళనే అతిచిన్న చుక్కలతో తయారవుతుంది. ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, ఒక్కోటి 0 నుంచి 255 వరకు. ఎర్రబడిన పాపలో ఒక పిక్సెల్ చూస్తే సుమారుగా 190, 45, 50 ఉంటుంది. చెడింది మొదటి అంకె ఒక్కటే, మిగతా రెండూ దాదాపు బాగానే ఉన్నాయి. అందుకని మొదటిదాన్ని తీసేసి, దాని స్థానంలో మిగతా రెండింటి సగటు పెడతాం. 190 కాస్తా 47 లేదా 48 అవుతుంది, ఆ పిక్సెల్ ముదురు బూడిదరంగుకి వస్తుంది. ఇక తెల్లమెరుపు సంగతి చూడండి. అది 250, 245, 245 అనుకుంటే, సగటు పెట్టినా 245, 245, 245. తెల్లగానే ఉంటుంది. ఈ పద్ధతిలో మెరుపుని మనం కాపాడక్కర్లేదు, దానంతట అదే మిగులుతుంది.

ఫొటోషాప్‌లో అయితే Channel Mixer తెరిచి, Output Channel దగ్గర Red ఎంచుకుని, Red 0, Green 50, Blue 50 పెట్టండి. GIMP లో Colors > Components > Channel Mixer కి వెళ్ళి ఎరుపు ఛానెల్‌కి 0, 0.5, 0.5 ఇవ్వండి, Preserve luminosity ఆపేసి ఉంచండి. ఇదంతా పాప చుట్టూ సెలెక్షన్ గీసిన తర్వాతే. గీయకుండా చేస్తే నల్లగుడ్డులోని గోధుమరంగు చచ్చిపోతుంది. బొట్టు బూడిదరంగుకి మారుతుంది, పెదవులు పాలిపోతాయి, ఎర్రచీర నల్లచీర అవుతుంది. ఆటోమేటిక్ రెడ్ ఐ బటన్లు కూడా ఒక్కోసారి బొట్టునీ కుంకుమనీ పట్టుకుంటాయి, నొక్కాక నుదురు చూసుకోండి.

సెలెక్షన్ ఎంత ఉండాలి? 4×6 ప్రింటుని 600 డిపిఐలో స్కాన్ చేస్తే 3600×2400 వస్తుంది. ఎనిమిదిమంది నిలబడ్డ గ్రూప్ ఫొటోలో ఒక్కో పాప పది పన్నెండు పిక్సెళ్ళకి మించదు. అంత చిన్నదానికి అంచు ఒక్క పిక్సెల్ మెత్తబరిస్తే చాలు. ఐదు పెడితే నల్లగుడ్డంతా మసిబారుతుంది, అసలు పెట్టకపోతే కత్తిరించి అంటించినట్టుంటుంది. మార్చాక పాప ఇంకా తేలికగా అనిపిస్తే కాస్త ముదురు చేయండి. పూర్తి నలుపు దాకా వెళ్ళొద్దు.

నుదుటి మీద తెల్లమచ్చ

ఇక్కడ పద్ధతి వేరు. ఫ్లాష్ కొట్టిన చోట మూడు అంకెలూ 255 కి చేరి ఉంటే లోపల చర్మం వివరమే లేదు. వెలుగు తగ్గించే స్లయిడర్ ఎంత జరిపినా తెల్లమచ్చ బూడిదమచ్చ అవుతుందంతే. కొత్త లేయర్ తీసుకుని, మోడ్ Darken పెట్టి, మచ్చ పక్కనే ఉన్న చర్మం రంగు ఎత్తుకుని, మెత్తటి బ్రష్‌తో 15 శాతం గాఢతలో రెండు మూడు పొరలు వేయండి. సగం మెరుపు మిగిలి ఉండగానే ఆపేయండి. ముక్కు మీద మెరుపు పూర్తిగా తీసేస్తే ముక్కు చదునైపోతుంది.

కళ్ళజోడు మీద మెరుపు కంటిని పూర్తిగా కప్పేస్తే ఒక్కటే దారి: అదే సమయంలో తీసిన ఇంకో ఫొటోలోంచి ఆ కన్ను తెచ్చుకోవడం. అది లేకపోతే వదిలేయండి. రెండో కంటిని తిప్పి అతికిస్తే మెరుపుచుక్క అవతలివైపుకి పోతుంది, మెల్లకన్ను వచ్చినట్టుంటుంది.

మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

అసలు ఫైల్ ముట్టుకోవద్దు. కాపీ మీద పని చేయండి, కాపీకి వేరే పేరు పెట్టండి.

నెగటివ్ దొరికితే ప్రింటుని వదిలి దాన్నే స్కాన్ చేయించండి.

ప్రింటుని ఫోన్‌తో ఫొటో తీస్తుంటే ఫ్లాష్ ఆపండి. పాత మెరుపు చాలదన్నట్టు కొత్తది తెచ్చుకోవద్దు.

నల్లరంగు బ్రష్ పక్కన పెట్టండి. మళ్ళీ చెబుతున్నాను, పాపని పూయొద్దు.

మెరుపుచుక్క అసలు లేని ఫొటో అయితే, రెండు పిక్సెళ్ళ చుక్క, కొంచెం మసకతెలుపు, రెండు కళ్ళలో ఒకే వైపు. పక్కవాళ్ళ కళ్ళలో ఎక్కడుందో చూసి అక్కడే పెట్టండి.

తెల్లగుడ్డుని తెల్లబరచొద్దు. అరవై ఏళ్ళ మనిషి తెల్లగుడ్డు పాలలా ఉండదు.

ఒక కంటికే ఎరుపుంటే ఆ కంటినే సరిచేసి, రెండోదాని నలుపుతో పోల్చుకోండి. బాగున్న కంటిని ముట్టుకోవద్దు.

తెరని 400 శాతానికి పెంచి పని చేయండి, తీర్పు మాత్రం 100 శాతంలో చెప్పండి.

పెద్ద ప్రింటుకి ఇచ్చేముందు చిన్నది ఒకటి వేయించి, ఆ మనిషిని రోజూ చూసినవాళ్ళకి చూపించండి. ఏం మార్చారో చెప్పకండి. "కళ్ళు ఏదోలా ఉన్నాయి" అన్నారంటే మీరు నలుపు ఎక్కువ చేశారు.

స్టూడియోవాళ్ళు "ఒక్క నిమిషంలో నల్లగా చేసిచ్చేస్తాం" అంటే ఫొటో వెనక్కి తీసుకుని వచ్చేయండి.

ఇది మాత్రం ఫొటో గురించి కాదు. ఈమధ్య తీసిన ఫొటోలో పసిపిల్లల ఒక కన్ను ఎర్రగానూ రెండోది తెల్లగానో పసుపుగానో వస్తే దాన్ని సరిచేయకండి. తల తిప్పిన కోణం వల్ల కూడా అలా రావచ్చు. కానీ రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ తరచుగా మొదట బయటపడేది ఇలాంటి ఫొటోల్లోనే. ఏది కారణమో తేల్చాల్సింది కంటి డాక్టరు, మనం కాదు. ఫొటోని ఉన్నదున్నట్టు ఫోన్‌లో ఉంచుకుని, ఆలస్యం చేయకుండా బిడ్డని తీసుకెళ్ళి అదే చూపించండి.