ఐదేళ్ల లాభాల అంచనా – 6వ పాఠం: పాత నష్టం, ముందస్తు పన్ను

గత పాఠంలోని చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ లెక్కకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకేచోట దెబ్బతిన్నాయి కాబట్టి, ముందు దానిని సరిచేసుకుని ఆ తర్వాతే ముందస్తు పన్నుకు వెళదాం. అది భాగస్వామ్య సంస్థ. దాని పన్ను 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం. కోటి రూపాయల యంత్రాలపై ఏటా 15 శాతం చొప్పున తగ్గే తరుగుదల మూడేళ్లకు వరుసగా 15, 12.75, 10.84 లక్షలు. తరుగుదలకు ముందు మొదటి ఏడాది 8 లక్షల నష్టం, రెండో ఏడాది 18.75 లక్షల లాభం, మూడో ఏడాది 37.84 లక్షల లాభం. తరుగుదల తీసేస్తే మిగిలేది మొదటి ఏడాది 23 లక్షల నష్టం, తర్వాత 6 లక్షలు, 27 లక్షల లాభం.

చాలామంది ఈ మూడింటినీ నేరుగా 31.2 శాతంతో గుణించి, మొదటి ఏడాది 7.18 లక్షల పన్ను "తిరిగి వస్తుంది" అని నగదు రాకలో చూపించారు. నష్టం వచ్చినందుకు ఆదాయపు పన్ను శాఖ డబ్బు ఇవ్వదు. రాబోయే లాభంలోంచి ఆ నష్టాన్ని తగ్గించుకునే హక్కును మాత్రమే ఇస్తుంది. ఈ పొరపాటు ఎందుకు దొరకదంటే, మూడేళ్ల పన్ను కూడితే తప్పు పద్ధతిలోనూ సరైన పద్ధతిలోనూ 3.12 లక్షలే వస్తుంది. మొత్తం సరిపోయింది కదా అని మీరు ఊరుకుంటారు, కానీ యూనిట్‌కు డబ్బు అత్యంత కటకటగా ఉన్న మొదటి ఏడాదిలోనే లేని 7.18 లక్షలు కాగితం మీద కనిపిస్తాయి. అందుకే పన్ను మొత్తాన్ని కాదు, ఏ ఏడాదికి ఆ ఏడాది నగదు నిల్వను సరిచూడండి.

సరైన లెక్కకు నష్టాన్ని రెండు వరుసల్లో ఉంచాలి. 8 లక్షల వ్యాపార నష్టం ఒకటి: ఇది 8 ఏళ్లలోపు, వ్యాపార లాభం మీదనే సర్దుబాటవుతుంది, అదీ ఆ నష్టపు రిటర్ను గడువులోగా వేసి ఉంటేనే. సర్దుబాటు కాని 15 లక్షల తరుగుదల రెండోది: దీనికి ఏళ్ల పరిమితి లేదు, రిటర్ను ఆలస్యమైనా పోదు. ముందుగా ఆ ఏడాది తరుగుదల, తర్వాత పాత వ్యాపార నష్టం, చివరగా పాత తరుగుదల, ఇదే వరుస. 3వ వరుసలో తరుగుదల తర్వాతి లాభం, 4లో పాత నష్టం, 5లో పాత తరుగుదల ఉంటే, 6, 7 వరుసల్లో వాడుకున్న మొత్తాలు ఇలా వస్తాయి:

```
=MIN(D4,MAX(0,D3))
=MIN(D5,MAX(0,D3)-D6)
```

రెండో ఏడాది 6 లక్షలూ పాత నష్టానికే పోయి, 2 లక్షల నష్టం, 15 లక్షల తరుగుదల మిగులుతాయి. మూడో ఏడాది 27 లక్షల్లోంచి ఆ రెండూ పోగా పన్ను పడే ఆదాయం 10 లక్షలు, పన్ను 3,12,000 రూపాయలు.

ఇక ముందస్తు పన్ను. ఏడాది పన్ను 10,000 రూపాయలు లేదా అంతకు మించితే జూన్ 15కు 15 శాతం, సెప్టెంబరు 15కు 45 శాతం, డిసెంబరు 15కు 75 శాతం, మార్చి 15కు మొత్తం చెల్లించి ఉండాలి. అంటే మన యూనిట్ వరుసగా 46,800, 93,600, 93,600, 78,000 రూపాయలు కట్టాలి. ఈ డబ్బు మూడో ఏడాది నగదులోంచే పోతుంది, నాలుగో ఏడాదిలోంచి కాదు.

ఇక్కడ నన్ను బాగా ఇబ్బంది పెట్టే ఒక తప్పు ఉంది. మొదటి ఆరు నెలల్లో వచ్చిన లాభం పాత 17 లక్షలకు లోపే ఉంది కనుక జూన్, సెప్టెంబరు వాయిదాలు అక్కర్లేదని కొందరు రాస్తారు. పాత నష్టం మూడు నెలలకోసారి కరిగేది కాదు, ఏడాది మొత్తం ఆదాయం మీద ఒక్కసారే సర్దుబాటవుతుంది. కాబట్టి జూన్‌లో కట్టే 15 శాతం జూన్ వరకు వచ్చిన లాభం మీద కాదు, మార్చి దాకా వస్తుందని అంచనా వేసిన పన్ను మీద. పై రెండు వాయిదాలూ వదిలేసి డిసెంబరులో మూడూ కలిపి కట్టినా, నెలకు 1 శాతం చొప్పున మూడేసి నెలల వడ్డీగా 1,404, 4,212 రూపాయలు, మొత్తం 5,616 రూపాయలు పడతాయి. వడ్డీ చిన్నదే, కానీ అంచనాలో అసలు నష్టం సెప్టెంబరు నగదు నిల్వ 1,40,400 రూపాయలు ఎక్కువగా కనబడటం. జూన్‌కు 12, సెప్టెంబరుకు 36 శాతం కట్టినా వడ్డీ పడదన్న వెసులుబాటు ఉంది. అయినా అంచనాలో నేను పూర్తి శాతాలే రాస్తాను, ఎందుకంటే అమ్మకాలు అనుకున్నదానికంటే పెరిగితే ఆ వెసులుబాటు అప్పుడు పనికొస్తుంది.

అభ్యాసం: మొదటి ఏడాది రిటర్ను గడువు దాటాక వేశారనుకుని మొత్తం లెక్క తిరిగి వేయండి, నాలుగు వాయిదాలతో సహా. మూడో ఏడాది పన్ను 5,61,600 రూపాయలు రాకపోతే రెండో ఏడాది 6 లక్షలు ఏ వరుసలోంచి తగ్గించారో చూడండి.