జీవన్ ప్రమాణ్ యాప్‌లో ఎర్రర్ వచ్చిందా? మళ్లీ నొక్కే ముందు ఆ నంబరు చదవండి

బిట్రగుంటలో రైల్వే పెన్షనర్లు చాలామంది ఉన్నారు. నవంబరు వచ్చిందంటే, పెన్షన్ ఆగకుండా ‘బతికే ఉన్నాం’ అని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ మాటే. పోయిన ఏడాది మా వీధిలో గార్డుగా రిటైరైన ఒక పెద్దాయన కావలిలో ఒక నెట్ సెంటర్‌కు రెండు సార్లు వెళ్లి, రెండు సార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. మొదటిసారి ‘సర్వర్ డౌన్’ అన్నారట. రెండోసారి ‘మీ ఆధార్ చెడిపోయింది, అయిదొందలిస్తే సెట్ చేయిస్తాం’ అన్నారట. ఆయన నా దగ్గరికి వచ్చి ‘అబ్బయ్యా, ఆధార్ చెడిపోవడం ఏంది, అదేమన్నా పాలా?’ అన్నాడు. నవ్వొచ్చినా ఆ మాటలో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఆధార్‌కేమీ కాలేదు. ఎర్రర్ వచ్చిన పెట్టెలో ఉన్నది ఎవరూ చదవలేదు, అంతే.

ఇంట్లో ఫోన్‌తో సర్టిఫికెట్ తీసే పద్ధతి 2021 నవంబరు నుంచి ఉంది. దీనికి ప్రభుత్వం తీసుకునే ఫీజు లేదు. ప్లే స్టోర్ నుంచి రెండు యాప్‌లు కావాలి: ఒకటి Jeevan Pramaan, రెండోది AadhaarFaceRD. రెండోదానికి ఫోన్ తెర మీద బొమ్మ కనిపించదు. ఇన్‌స్టాల్ కాలేదనుకుని నాలుగు సార్లు ఎక్కించేవాళ్లను చూశాను. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో దాని పేరుంటే ఎక్కినట్టే. ఆధార్ నంబరు, ఆధార్‌కు లింకైన మొబైల్, పెన్షన్ మంజూరు కాగితం మీద ఉండే పీపీఓ నంబరు, పెన్షన్ పడే బ్యాంకు ఖాతా నంబరు దగ్గర పెట్టుకోండి. మిగతాదంతా తెర చెప్పినట్టు నింపుకుంటూ పోవచ్చు. ఆగిపోయేదల్లా ముఖం చూపించే చోట.

ఈ యాప్‌లో ముఖం రెండు సార్లు అడుగుతుంది. మొదటిసారి అడిగేది ‘ఆపరేటర్’ ముఖం, అంటే ఫోన్ పట్టుకుని పని చేస్తున్న మనిషిది. రెండోసారి పెన్షనర్‌ది. కొడుకు తన ఆధార్ నంబరు కొట్టి, కెమెరా తెరుచుకోగానే నాన్నను ముందు కూర్చోబెడతాడు. అప్పుడు ఈ మాట వస్తుంది:

```
300  Biometric data did not match
```

‘ఇచ్చిన ముఖం, ఆ ఆధార్‌లో ఉన్న ముఖం ఒకటి కావు’ అని దీని అర్థం. ఆధార్ చెల్లదని కాదు. ఫోన్‌లో అనువాదం నొక్కితే ‘బయోమెట్రిక్ డేటా సరిపోలలేదు’ అని వస్తుంది, దాంతో పెద్దవాళ్లు ఇంకా భయపడతారు. ఎవరి నంబరు కొట్టారో వాళ్ల ముఖం చూపిస్తే సరిపోతుంది. పెన్షనర్ తనే ఆపరేటర్ కూడా కావచ్చు. అప్పుడు రెండు సార్లూ ఆయన ముఖమే, కాబట్టి గొడవ ఉండదు. నంబరూ మనిషీ సరిగానే ఉండి కూడా 300 వస్తుంటే, వెనక కిటికీ నుంచి వచ్చే వెలుతురు ముఖాన్ని నల్లగా చేస్తోందా చూడండి. ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయించి, కనురెప్పలు ఆడించమన్నప్పుడు ఆడించమనండి. ఇలా రెండు మూడు సార్లు ప్రయత్నించడం సబబే. ఆ తర్వాత కూడా అదే వస్తే ఆపేయండి. ఆధార్‌లో ఫొటో ఏళ్ల కిందటిది అయ్యుండొచ్చు. ఆధార్ కేంద్రానికి వెళ్లి ఫొటో కొత్తగా తీయించుకోవాలి.

మా పెద్దాయన సంగతి వేరు. ఆయనకు వచ్చింది ఇది:

```
330  Biometrics locked by Aadhaar holder
```

చివరి మాటలు చూడండి: ‘ఆధార్ యజమానే తాళం వేసుకున్నాడు’. ఇది లోపమే కాదు, ఒక కాపలా. నెల్లూరు, ప్రకాశం వైపు కూడా వేలిముద్రలతో ఖాతాల్లో డబ్బు లాగుతున్నారని మాట పాకినప్పుడు చాలామంది పిల్లలు పెద్దవాళ్ల బయోమెట్రిక్‌కు తాళం వేశారు, ఆ తర్వాత మరిచిపోయారు. తాళం వేలిముద్రకే అనుకుంటారు గానీ, కంటిపాపకూ ముఖానికీ కూడా పడుతుంది. అందుకే ఈ నంబరు వచ్చినప్పుడు వందసార్లు నొక్కినా, యాప్ తీసేసి మళ్లీ ఎక్కించినా, వేరే ఫోన్‌లో చేసినా, వేరే నెట్ సెంటర్‌కు పోయినా లాభం లేదు. తాళం ఉన్నది ఆధార్ సర్వర్ దగ్గర, మన ఫోన్‌లో కాదు.

ఆయన చిన్నల్లుడు బెంగళూరు నుంచి ఫోన్‌లో ‘మామయ్యా, రెండేళ్ల కిందట నేనే లాక్ చేశాను, చెప్పడం మరిచాను’ అన్నాడు. అప్పుడు ఏం చేశామంటే, ముందు యాప్‌లో పీపీఓ, ఖాతా వివరాలన్నీ నింపి పెన్షనర్ ముఖం అడిగే మెట్టు దాకా తీసుకెళ్లాం. ఆ తర్వాత ఇంకో ఫోన్‌లో myaadhaar.uidai.gov.in తెరిచి, ఓటీపీతో లోపలికి వెళ్లి, Lock/Unlock Biometrics దగ్గర తాత్కాలికంగా తెరిచాం. అలా తెరిస్తే పది నిమిషాలకు తాళం తనంతట తానే మళ్లీ పడుతుంది, అందుకే వరస అలా పెట్టుకున్నాం. వివరాలు నింపకముందే తెరిచి, నింపుతూ కూర్చుంటే మళ్లీ 330 చూడాల్సి వస్తుంది. వెంటనే ముఖం చూపించాం, పనైపోయింది. అయిదొందలు అడిగినాయన చేసేది కూడా ఇదే అయ్యుండాలి, కాకపోతే ఓటీపీ ఆయనకు చెప్పాల్సి వచ్చేది.

ఇక్కడే అసలు చిక్కు. తాళం తీయాలన్నా, యాప్‌లో ఓటీపీ రావాలన్నా ఆధార్‌కు లింకైన మొబైల్ చేతిలో ఉండాలి. పాత సిమ్ పోయి, కొత్త నంబరు ఎక్కించుకోకపోతే పని అక్కడే ఆగిపోతుంది. ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేసి నంబరు మార్పించుకోవచ్చు. నవంబరు ఆఖరి వారంలో అక్కడ జనం ఎక్కువగా ఉంటారు, కాబట్టి ఈ ఒక్క సంగతి ముందే చూసుకోండి.

కొన్ని ఎర్రర్లు మాత్రం నిజంగానే ఫోన్‌వే. ఒంగోలులో మా బంధువొకాయనకు ఇది వచ్చింది:

```
562  Timestamp value is future time
```

ఆయన మనవడు దీన్ని ‘భవిష్యత్ కాలం’ అని చదివి వినిపించాడు. ‘నాకింక భవిష్యత్తు ఎక్కడుందిరా’ అని ముసలాయన ఒక జోకేశాడు. అర్థం సాదాసీదా: ఫోన్ గడియారం అసలు టైం కన్నా ముందుంది. సెట్టింగ్స్‌లో తేదీ, సమయం ఆటోమేటిక్ అని పెట్టి మళ్లీ ప్రయత్నిస్తే పోతుంది. గడియారం వెనకబడి ఉంటే Request expired అనే మాటతో 561 వస్తుంది, దానికీ ఇదే మందు. రెండూ కొత్త యాప్‌తో పోయేవి కావు.

అప్‌డేట్ చేయాల్సింది ఎప్పుడంటే, మాటల్లోనే update అనో version అనో ఉన్నప్పుడు, లేదా కెమెరా తెరవకముందే AadhaarFaceRD దొరకలేదన్నప్పుడు. రెండు యాప్‌లూ ప్లే స్టోర్ నుంచే అప్‌డేట్ చేయండి. వాట్సాప్‌లో ‘కొత్త జీవన్ ప్రమాణ్’ అంటూ ఫైలు పంపితే నొక్కొద్దు. ‘మీ లైఫ్ సర్టిఫికెట్ పెండింగ్‌లో ఉంది, ఓటీపీ చెప్పండి, స్క్రీన్ చూపించండి’ అని ఫోన్ చేసేవాళ్లు ఇదే సీజన్‌లో తిరుగుతుంటారు. ఏ బ్యాంకూ అలా అడగదు. ఇప్పటికే చెప్పేసి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

timeout, network, technical error లాంటి మాటలుంటే, లేదా నంబరు 930 నుంచి 939 మధ్యలో ఉంటే తప్పు మీది కాదు, సర్వర్ దగ్గరిది. వెంట వెంటనే నొక్కకుండా గంట ఆగి చూడండి, లేదా ఉదయాన్నే ప్రయత్నించండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. చివరి ముఖం చూపించాక timeout వస్తే, సర్టిఫికెట్ అప్పటికే తయారై ఉండొచ్చు. మళ్లీ మొదలుపెట్టే ముందు మెసేజ్‌లు చూడండి. ప్రమాణ్ ఐడీ, అంటే ఆ సర్టిఫికెట్ నంబరుతో మెసేజ్ వచ్చి ఉంటే పని అయినట్టే.

మనమూ, యాపూ కూడా ఏమీ చేయలేని రకం ఒకటుంది. 997 వచ్చి Invalid Aadhaar status అని ఉంటే, ఆధార్ ప్రస్తుతం సరిచూసే స్థితిలో లేదని అర్థం. దీన్ని ‘ఆధార్ రద్దయింది’ అని చెప్పి డబ్బు గుంజేవాళ్లు ఉన్నారు. రద్దయిందని అది చెప్పదు. ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఆధార్ కేంద్రానికి వెళ్లి ఏం మార్పించుకోవాలో అడగండి. ఫోన్ చేసేటప్పుడు ఎర్రర్ నంబరు, ఆపరేటర్ మెట్టులో వచ్చిందా పెన్షనర్ మెట్టులో వచ్చిందా, ఎన్ని గంటలకు వచ్చింది అన్నవి చెబితే చాలు. ‘యాప్ పనిచేయడం లేదు’ అంటే వాళ్లకూ ఏమీ తెలియదు. స్క్రీన్ షాట్ ఎవరికైనా పంపాల్సి వస్తే ఆధార్ నంబరు కనిపించకుండా కొట్టేసి పంపండి. తెర మీద మాటలు యాప్ మారినప్పుడు అటూ ఇటూ కావచ్చు గానీ, ఆధార్ నుంచి వచ్చే నంబరు అర్థం అదే ఉంటుంది.

ఎర్రర్ ఏదీ రాకుండా సక్సెస్ అని వచ్చిన చోట కూడా ఒకసారి ఆగండి. పీపీఓ నంబరులో ఒక అంకె తప్పినా, పెన్షన్ ఇచ్చే బ్యాంకు బదులు వేరేది ఎంచుకున్నా యాప్ ఏమీ అనదు, ప్రమాణ్ ఐడీ కూడా ఇస్తుంది. తిప్పికొట్టేది తర్వాత బ్యాంకు. ఆ సర్టిఫికెట్‌ను దిద్దడం కుదరదు, సరైన వివరాలతో మొదటి నుంచి కొత్తది తీయాలి. అందుకే పీపీఓ కాగితం పక్కన పెట్టుకుని అంకె అంకె చదివి సరిచూడండి.

ఇదంతా మా వల్ల కాదనుకుంటే పోస్ట్‌మన్‌ను ఇంటికే పిలిపించుకోవచ్చు, ఛార్జీ 70 రూపాయలు. కాగితం సర్టిఫికెట్ కూడా ఇప్పటికీ చెల్లుతుంది, బ్యాంకు శాఖకు నేరుగా వెళ్లి ఇవ్వొచ్చు. కేంద్ర పెన్షనర్లకు నవంబరు 30 గడువు. 80 ఏళ్లు దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇచ్చేయొచ్చు. గడువు దాటి పెన్షన్ ఆగినా డబ్బు పోదు, సర్టిఫికెట్ ఇచ్చాక ఆగిన నెలలది కూడా కలిపి వేస్తారు. మా పెద్దాయన ఈసారి అక్టోబరు మొదటి వారంలోనే వచ్చాడు. ‘అబ్బయ్యా, తాళం తీసే ఫోన్ కూడా తెచ్చినా’ అంటూ రెండు ఫోన్లు నా ముందు పెట్టాడు.