నీళ్లు తేలిన పెరుగు వేరు, గులాబీ చుక్కల పెరుగు వేరు

ఎండలు ముదిరాక రాత్రి పదింటికి తోడుపెట్టిన పాలు తెల్లారేలోపే గడ్డకట్టేస్తాయి. పొద్దున ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయి మధ్యాహ్నం మూత తీస్తే గడ్డ ఒక పక్కకు ఒదిగి, చుట్టూ నీళ్లు, ముక్కుకు చురుక్కుమనే పులుపు వాసన. చాలామంది టెన్షన్ పడి ఈ పెరుగును పారబోస్తారు. అది పాడవలేదు, పులిసిందంతే. వేడి వల్ల తోడు పని ఆగక పులుపు పెరిగిపోతుంది. ఆ పులుపుకి గడ్డ బిగుసుకుని లోపలి నీటిని వదిలేస్తుంది. ఆ తేట లేత పసుపుపచ్చగా ఉండటం కూడా మామూలే. దాన్ని మజ్జిగ పులుసుకో, పుల్లట్లకో వాడుకోండి. చల్లమిరపకాయలకైతే ఇలా పులిసిన మజ్జిగే కావాలి. తోడుకు మాత్రం వద్దు, రేపటి పెరుగూ పుల్లగానే వస్తుంది. పులుపు వాసన కాకుండా కుళ్లు వాసన, కల్లు వాసన వచ్చినా, బుడగలు కట్టినా ఇక ఉంచకండి.

గులాబీ, నారింజ రంగు చుక్కలు అలా కాదు. అవి తోడు వల్ల వచ్చేవి కావు. బయటి నుంచి చేరిన ఈస్టో, బూజో, వేరే బ్యాక్టీరియానో అక్కడ పెరుగుతోందని అర్థం. వాసన బాగానే ఉన్నా నమ్మకండి, రుచి చూసి తేల్చుకుందామని అసలు అనుకోకండి.

కిందటి వేసవిలో ఊరెళ్లి పది రోజులకు తిరిగొచ్చాం. ఫ్రిజ్‌లో వెనక పెట్టిన డబ్బాలో, మీగడ అంచున, గిన్నె గోడకు ఆనుకుని ఆవగింజంత గులాబీ చుక్కలు మూడు కనిపించాయి. "పైన కాస్త తీసేస్తే అడుగుది బాగానే ఉంటుందే," అంది అమ్మ. పాలు వృథా చేయడం ఆవిడకు ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది. కానీ పెరుగు మెత్తటిది, నీళ్లున్నది. కంటికి కనిపించేది చుక్కే అయినా, కనిపించనిది లోపలికి దిగి ఉండొచ్చు. మరిగిస్తే సరిపోతుందనీ అనుకోకూడదు, కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం మరిగించినా పోదు. డబ్బా మొత్తం పారబోశాం.

ఆవకాయ రోజుల్లో ఒక తికమక ఉంటుంది. పచ్చడి గరిటె పెరుగులో పెడితే నారింజ రంగు నూనె బొట్లు తేలతాయి. నూనె మెరుస్తుంది, చెంచాతో తాకితే జారి పరుచుకుంటుంది. అతుక్కుని మసకగా, నూగుగా ఉంటే అది నూనె కాదు. ఏదో తేల్చుకోలేకపోతే పారేయడమే.

ఇలాంటి పెరుగు తెలియక తిన్న పసిపిల్లలకో, గర్భిణులకో, పెద్దవాళ్లకో వాంతులు, విరేచనాలు మొదలైతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

గిన్నెను సబ్బుతో తోమి, మరిగే నీళ్లు పోసి, ఎండలో ఆరబెట్టండి. మూతకు రబ్బరు రింగు ఉంటే ఊడదీసి కడగండి, మా డబ్బాకి ఆ సందులోనే ఎర్రటి జిగురు దొరికింది. తోడు పాతది వాడకండి, పక్కింటి నుంచి ఒక చెంచా తాజా పెరుగు తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టండి.